‘మెరుగుపరిచాం’ అంటే ఏం మార్చినట్టు?

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఇంటి నంబరు అడిగితే 1-2-4 అనో, 11-5 అనో చెబుతారు. అంకెల మధ్య ఆ అడ్డగీతలు మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆస్తి పన్ను లెక్కలు చూసే ఒక సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి నంబర్లు లక్షల్లో ఉన్నాయనుకుందాం. ఆదివారం రాత్రి ఆ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చారు. సోమవారం పొద్దున్నే గుమాస్తా 1-2-4 అని కొట్టి వెతికాడు. అలాంటి ఇల్లు లేదని వచ్చింది. జాబితా మొత్తం తెరిచి చూస్తే ఇల్లు ఉంది, యజమాని పేరు ఉంది, బకాయి కూడా ఉంది. ఎవరూ ఏదీ తుడిచెయ్యలేదు. కళ్లముందు ఉన్నదే, వెతికితే మాత్రం దొరకడం లేదు.

గుమాస్తా, సోమవారం ఊహించినవే. జబ్బు మాత్రం నిజమైనది. 2018 తర్వాత ఎన్నో దేశాల్లో డేటాబేస్‌లు చూసుకునేవాళ్లను అది తిప్పలు పెట్టింది. దాని గురించిన సమాచారం విడుదల రోజునే అందరికీ అందుబాటులో ఉంది కూడా. కొత్త వెర్షన్ బయటికి వచ్చినప్పుడు ‘ఇందులో ఏం మారింది’ అని దాంతోపాటు ఇచ్చే పత్రాన్ని రిలీజ్ నోట్స్ అంటారు. అందులో రెండు మూడు వాక్యాల్లో రాసే ఉంది. చదివినవాళ్లలో ఎక్కువమందికి అది తమ గురించేనని తెలియలేదు, అంతే.

ఫోన్‌లో యాప్ అప్‌డేట్ అయినప్పుడు కనిపించే ‘చిన్న లోపాలు సరిచేశాం’ అన్న ఒక్క లైను కూడా రిలీజ్ నోట్సే. అక్కడ అది పెద్దగా పట్టించుకోవలసిన విషయం కాదు. సర్వర్లు నడిపేవాళ్లకు మాత్రం ఆ పత్రం డాక్టర్ చీటీ లాంటిది. ఏది మానెయ్యాలి, ఏది ముందు, ఏది తర్వాత అన్నది అందులోంచే తెలియాలి. అందుకే బాధ్యతగా పనిచేసే సంస్థల్లో ఆ పత్రాన్ని బయటికి పంపేముందు మరొకరు కూర్చుని పరిశీలిస్తారు. భాషా దోషాలు దిద్దడం ఆ పనిలో చిన్న భాగం. అప్‌గ్రేడ్ చేయబోయే మనిషి కుర్చీలో కూర్చుని ప్రతి వాక్యాన్నీ ప్రశ్నించడమే అసలు పని. ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలియాలంటే 2018 నాటి ఆ రెండు మూడు వాక్యాలనే ముందు పెట్టుకోవడం మేలు.

లినక్స్ మీద నడిచే సర్వర్లలో చాలావాటికి అడుగున గ్లిబ్‌సీ అనే లైబ్రరీ ఉంటుంది. ఫైలు తెరవడం, మెమరీ అడగడం, రెండు మాటల్లో ఏది ముందు వస్తుందో తేల్చడం లాంటి పనులు ప్రతి ప్రోగ్రామూ సొంతంగా చేసుకోకుండా దీన్ని అడుగుతుంది. దీని 2.28 వెర్షన్ 2018 ఆగస్టు 1న విడుదలైంది. ఆ నోట్స్‌లోని ఒక అంశం సారాంశం ఇది: ఐఎస్ఓ 14651కి సంబంధించిన లోకలైజేషన్ డేటాను 2016 నాటి నాలుగో కూర్పుకు సరిపోయేలా మార్చారు. దీనివల్ల యూనికోడ్ అక్షరాల కొలేషన్ ఎంతో మెరుగుపడింది. చాలా లొకేల్‌లను ఈ కొత్త వరసకు తగ్గట్టు సవరించారు. కంపైల్ చేసిన లొకేల్ ఫైళ్ల సైజు పెరిగింది.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా పన్ను లెక్కల సర్వర్ చూసుకునే ఉద్యోగి దీన్ని చదివి ఏం చేయాలి?

ముందు మాటల సంగతి. కొలేషన్ అంటే అక్షరాల వరస, అంటే ఏ మాట తర్వాత ఏ మాట రావాలన్న నియమం. లొకేల్ అంటే ఒక భాషకూ ప్రాంతానికీ చెందిన అలవాట్ల మూట. తేదీ ఎలా రాయాలి, డబ్బు ఎలా రాయాలి, మాటలు ఏ వరసలో పేర్చాలి అన్నవి అందులో ఉంటాయి. ఐఎస్ఓ 14651 ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక ఉమ్మడి వరసను సూచించే అంతర్జాతీయ ప్రమాణం. మూడు మాటలూ విప్పాక కూడా పరిశీలకుడి పని తీరదు. పరిభాషను దిద్దడమంటే బ్రాకెట్లో అర్థం రాయడమని చాలామంది అనుకుంటారు. అర్థం తెలిశాక కూడా ‘అయితే నాకేంటి’ అన్నది మిగిలే ఉంటుంది. పై వాక్యాల్లోని పదాలన్నీ లైబ్రరీ రాసినవాళ్ల బల్ల మీద ఉన్న వస్తువుల పేర్లు. చదివేవాడి బల్ల మీద ఉన్న వస్తువు పేరు డేటాబేస్ ఇండెక్స్. ఆ మాట అక్కడ లేనే లేదు. కఠినమైన పదం ఉండటం కన్నా, పాఠకుడు తనదిగా గుర్తుపట్టే పదం లేకపోవడమే ఇక్కడ పెద్ద లోపం.

వరస మారితే వెతకడం ఎందుకు చెడుతుంది? తెలుగు నిఘంటువు చూసే అలవాటున్నవాళ్లకు ఇది తేలిగ్గానే తెలుస్తుంది. పలక మీద నేర్చుకున్న వర్ణమాలలో ‘క్ష’ చివర్న వస్తుంది. నిఘంటువులో అది ‘క’ కిందే ఉండవచ్చు. ఒక లెక్క ప్రకారం పేర్చిన పుస్తకంలో ఇంకో లెక్క ప్రకారం ‘క్షణం’ వెతికితే, మాట ఉన్నా లేదనుకుని పుస్తకం మూసేస్తాం. పుస్తకం తప్పు కాదు, చూసిన మనిషి తప్పూ కాదు. పేర్చిన నియమం, వెతికిన నియమం వేరువేరు కావడమే తప్పు.

డేటాబేస్‌లో ఇండెక్స్ కూడా అంతే. లక్షల ఇంటి నంబర్లను మొదటి నుంచి చివరి దాకా చదవకుండా, వరసగా పేర్చిన పట్టికను ఒకటి పక్కన ఉంచుకుని, అందులో మధ్యకు వెళ్లి, కావలసింది దానికి ముందుందా తర్వాతా అని చూసి, ఆ సగంలో మళ్లీ మధ్యకు వెళ్లి, అలా కొన్ని అడుగుల్లోనే చేరుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేస్ అక్షరాల వరస కోసం మామూలుగా గ్లిబ్‌సీ మీదే ఆధారపడుతుంది. పట్టికను డిస్క్ మీద పేర్చిపెట్టేది ఒకసారి. వెతికేటప్పుడు పోల్చి చెప్పమని ఆ రోజున్న గ్లిబ్‌సీని అడుగుతుంది.

ఇప్పుడు ఐదు ఇళ్లు తీసుకుందాం. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో 2.28కి ముందు గ్లిబ్‌సీ, పోల్చేటప్పుడు మొదటి విడతలో అడ్డగీతను లెక్కలోకి తీసుకునేది కాదు. 1-2-4ను 124గా, 11-2-4ను 1124గా చూసేది. ఆ లెక్కన డిస్క్ మీద పేర్చిన వరస ఇలా ఉంటుంది:

```
11-2-4
11-5
1-1-9
12-1
1-2-4
```

2.28 నుంచి అడ్డగీత కూడా లెక్కలోకి వచ్చే అక్షరమే. అది అంకెలన్నిటి కన్నా ముందు నిలుస్తుంది. కొత్త లెక్కన ఉండాల్సిన వరస ఇది:

```
1-1-9
1-2-4
11-2-4
11-5
12-1
```

చూడటానికి రెండోదే బాగుంది, ఒకటో వార్డు ఇళ్లన్నీ ఒకచోటికి వచ్చాయి. ‘మెరుగుపడింది’ అన్న మాటలో అతిశయం లేదు. కానీ డిస్క్ మీద ఉన్నది పాత వరసే. అందులో కొత్త నియమంతో 1-2-4 వెతుకుదాం. మధ్యలో ఉన్నది 1-1-9. కొత్త లెక్కన 1-2-4 దాని తర్వాతిది కాబట్టి కింది సగానికి వెళ్లాలి. అక్కడ 12-1 ఎదురవుతుంది. 1-2-4 దానికి ముందుదే కాబట్టి ఉంటే ఈ రెండింటి మధ్యే ఉండాలి. మధ్యలో ఏమీ లేదు. ‘అలాంటి ఇల్లు లేదు.’ అసలు నంబరు ఇంకో గీత కింద, చివర్న ఉంది. అక్కడిదాకా ఎవరూ వెళ్లలేదు.

అసలైన ఇండెక్స్ ఐదు గీతలది కాదు, పేజీలు పేజీలుగా చెట్టులా కొమ్మలు వేసి ఉంటుంది. దారితప్పే తీరు మాత్రం ఇదే. ఇంకా బాధ కలిగించేది తర్వాతి అడుగు. ఇల్లు లేదని చూసిన గుమాస్తా, పన్ను కట్టడానికి వచ్చిన మనిషిని వెనక్కి పంపలేక, 1-2-4ను కొత్తగా చేరుస్తాడు. ఒకే నంబరు రెండుసార్లు చేరకూడదని డేటాబేస్‌కు ముందే చెప్పి ఉంచారు. ఆ కాపలా కాసేది కూడా ఈ ఇండెక్సే. దానికి పాతది కనపడదు కాబట్టి రెండోదాన్ని రానిస్తుంది. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు, సర్వర్ ఆగిపోదు. అన్ని నంబర్లకూ ఇలా జరగదు కూడా. 1-1-9 వెతికితే మొదటి చూపులోనే దొరికింది కదా. అందుకే ఈ జబ్బు బయటపడటానికి వారాలు పట్టవచ్చు.

మరి ఈ సంగతి నోట్స్‌లో ఎక్కడ పెట్టారు? గ్లిబ్‌సీ నోట్స్‌లోని విభాగాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. మొదటిది ముఖ్యమైన కొత్త సదుపాయాలది. రెండోది తొలగించినవీ, పాతవాటితో పొసగకుండా పోయే మార్పులూ ఉండేది. తొందరలో ఉన్న సర్వర్ నిర్వాహకుడు రెండోదాన్ని శ్రద్ధగా చదివి, మొదటిదాని మీద కళ్లు పరిగెత్తిస్తాడు. కొత్త సదుపాయం కావాలంటే వాడుకుంటాం, లేకపోతే లేదు. వరస మార్పు రాసింది ఆ మొదటి విభాగంలోనే.

అలా రాసినవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. వరస ఎప్పటికీ మారదని గ్లిబ్‌సీ ఎవరికీ మాట ఇవ్వలేదు. భాషల వరస మీద అవగాహన పెరిగేకొద్దీ ప్రమాణం మారుతుంది, దాన్ని అనుసరించడం వాళ్ల పని. లైబ్రరీ లోపలి నుంచి చూస్తే అది నిజంగా కొత్త సదుపాయమే. ఎవరైనా ఆ వరసను డిస్క్ మీద భద్రపరిచి ఏళ్ల తరబడి నమ్ముకుంటే తప్ప అది నష్టం కాదు. డేటాబేస్‌లు చేసేది సరిగ్గా అదే. ఒక మార్పు పాతదాన్ని విరగ్గొడుతుందా లేదా అన్నది మార్పును మాత్రమే చూసి చెప్పలేం. దాని మీద ఎవరు ఏం కట్టుకున్నారో తెలిసినవాళ్లే చెప్పగలరు. పరిశీలకుడు రాసినవాడికి భిన్నంగా ఉండాల్సింది ఇక్కడే.

వెర్షన్ నంబరు కూడా ఆదుకోదు. 2.27 నుంచి 2.28 అంటే చుక్క తర్వాత ఒక్క అంకె. చుక్కకు ముందున్న అంకె మారితేనే పెద్ద మార్పులుంటాయన్న నియమం కొన్ని ప్రాజెక్టులు పాటిస్తాయి, గ్లిబ్‌సీ పాటించదు. పైగా ఈ మార్పు పన్నుల ఆఫీసు దాకా నేరుగా రాలేదు. గ్లిబ్‌సీ 2.28 డెబియన్ 10లోకి వచ్చింది, అది 2019 జులైలో విడుదలైంది. అదే ఏడాది వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లోనూ ఉంది. ఉబుంటు 18.04 నుంచి 20.04కు వెళ్లినవాళ్లు కూడా ఈ గీత దాటినవాళ్లే. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మారకపోయినా ఫలితం ఒకటే. డేటాబేస్‌ను ముట్టుకోలేదు కదా అనుకుని, దాని నోట్స్ తెరిచే ఆలోచనే చాలామందికి రాదు. పోస్ట్‌గ్రెస్ వర్గాల్లో దీని గురించి 2018లోనే హెచ్చరికలు వెలువడ్డాయి. వాటిని చదవాలంటే కింద ఎక్కడో లైబ్రరీ మారిందని ముందు తెలియాలి.

ఇలా కొత్త సదుపాయం ముసుగులో ఉన్న మార్పును పట్టుకోవడానికి అనుభవమున్న పరిశీలకులు రెండు చోట్ల చూస్తారు. ఒకటి క్రియలు. ‘తొలగించాం’ అని రాసింది ఎవరికైనా కనిపిస్తుంది. ‘మెరుగుపరిచాం’, ‘నవీకరించాం’, ‘ప్రమాణానికి అనుగుణంగా మార్చాం’, ‘ఇకపై’, ‘డిఫాల్ట్‌గా’ అన్న మాటల దగ్గర ఆగి, ‘నిన్న ఇచ్చిన ఇన్‌పుట్టే ఇవాళ ఇస్తే నిన్నటి ఫలితమే వస్తుందా’ అని రాసినవాళ్లను అడగాలి. రాదు అంటే ఆ అంశం మారాల్సిన విభాగం అదే చెబుతుంది.

రెండోది నోట్స్‌లో లేదు, ప్రోగ్రామ్ పరీక్షల్లో ఉంటుంది. ప్రతి పెద్ద ప్రాజెక్టులోనూ ‘ఈ ఇన్‌పుట్‌కు ఈ ఫలితం రావాలి’ అని రాసిపెట్టిన పరీక్షలు వందల్లో ఉంటాయి. కొత్త పరీక్షలు చేర్చడం మామూలే. పాత పరీక్షలో రావలసిన ఫలితాన్నే ఎవరైనా దిద్దారంటే ప్రవర్తన మారిందనడానికి అది రాతపూర్వక సాక్ష్యం. గత విడుదల నుంచి ఇప్పటిదాకా అలా దిద్దిన పరీక్షల జాబితాను ఒకసారి తీసి, ఒక్కొక్కదానికీ నోట్స్‌లో ఒక వాక్యం ఉందో లేదో సరిచూడటం విసుగు పుట్టించే పనే. కానీ రాసినవాడు మరిచిపోయినదాన్ని కూడా బయటికి లాగే దారి ఇది.

ఇక మూడో లోపం, చేయాల్సిన పనులు చెప్పకపోవడం. గ్లిబ్‌సీ నోట్స్‌లో ఫైళ్ల సైజు పెరుగుతుందని ఉంది గానీ, పాత వరసలో పేర్చి పెట్టుకున్నవాటిని మళ్లీ పేర్చుకోవాలని లేదు. అలాంటి సందర్భంలో ఎలా రాయవచ్చో చూపే మంచి ఉదాహరణ పోస్ట్‌గ్రెస్ దగ్గరే ఉంది. 2021 సెప్టెంబరులో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14లో ఒక దోషం దొర్లింది. డేటాబేస్ పనిచేస్తుండగానే ఇండెక్స్ కట్టే CONCURRENTLY అనే పద్ధతిలో కొన్ని వరసలు ఇండెక్స్‌లోకి ఎక్కకుండా పోయే ప్రమాదం అది. కారణం వేరు, లక్షణం మాత్రం మన గుమాస్తా చూసిందే. 2022 జూన్‌లో మామూలు వేళాపాళా కోసం ఆగకుండా 14.4ను విడుదల చేసి సరిదిద్దారు. ఆ నోట్స్ మొదట్లోనే, మార్పుల జాబితా కన్నా ముందే మూడు సంగతులు తేల్చారు. 14 వాడుతున్నవాళ్లు డేటాను తీసి మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు. 14లో ఆ పద్ధతితో కట్టిన, తిరిగి కట్టిన ఇండెక్స్‌లు ఉంటే మాత్రం అప్‌డేట్ తర్వాత మళ్లీ కట్టుకోవాలి. వివరానికి జాబితాలో మొదటి అంశం చూడాలి.

ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, ఎప్పుడు చేయాలి అన్న మూడూ అందులో ఉన్నాయి. ‘వర్తించదు’ అన్నది కూడా చెప్పడం ముఖ్యం. అది లేకపోతే ప్రతివాళ్లూ భయపడి మొత్తం కట్టుకుంటారు, లేదా ఎవరూ ఏమీ చేయరు.

నోట్స్ ఎవరూ చదవరన్న సంగతి కూడా పోస్ట్‌గ్రెస్ వాళ్లు గుర్తించినట్టుంది. 2022 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, డేటాబేస్ పుట్టినప్పటి వరస నియమాల వెర్షన్ ఏదో అందులోనే రాసి ఉంచి, తేడా వస్తే తెర మీదే చెబుతోంది:

```
WARNING:  database "taxdb" has a collation version mismatch
DETAIL:  The database was created using collation version 2.31,
but the operating system provides version 2.36.
HINT:  Rebuild all objects in this database that use the default
collation and run ALTER DATABASE taxdb REFRESH COLLATION VERSION,
or build PostgreSQL with the right library version.
```

అవసరమైన చోట, అవసరమైన క్షణంలో కనిపించే రిలీజ్ నోట్ ఇది. దీన్నీ పరిశీలకుడి కళ్లతో చదివితే ఒక గుంట కనిపిస్తుంది. మొదట చేయాల్సిన పనిని ‘ఈ కొలేషన్ వాడే వస్తువులన్నీ తిరిగి కట్టండి’ అని మాటల్లో చెప్పారు. రెండోదాన్ని కాపీ చేసుకోవడానికి వీలైన కమాండ్‌గా ఇచ్చారు. అర్ధరాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్న మనిషి ఏది చేస్తాడో ఊహించడం కష్టం కాదు. ALTER DATABASE కమాండ్ ఒక్కటే నడిపితే హెచ్చరిక మాయమవుతుంది. ఆ కమాండ్ చేసేది రాసి ఉంచిన వెర్షన్ నంబరును మార్చడమే, ఇండెక్స్‌లను అది ముట్టుకోదు. జబ్బు అలాగే ఉండి, చెప్పే నోరు మూతపడుతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. లైబ్రరీ వెర్షన్ మారిన ప్రతిసారీ ఈ హెచ్చరిక వస్తుంది, వరస నిజంగా మారిందో లేదో అది చెప్పదు.

ఇప్పుడు ఆ 2018 వాక్యాలను పన్ను లెక్కల సర్వర్ నడిపే సంస్థ తన వాళ్ల కోసం తిరిగి రాస్తుందనుకుందాం. పరిశీలన తర్వాత అది ఇలా ఉండవచ్చు:

‘కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో అక్షరాల వరస మారింది. పోస్ట్‌గ్రెస్‌లో పేర్లు, ఇంటి నంబర్లు లాంటి అక్షర రూపంలోని వివరాల మీద ఉన్న ఇండెక్స్‌లు మళ్లీ కట్టేదాకా తప్పు ఫలితాలు ఇవ్వవచ్చు, ఒకే నంబరును రెండుసార్లు చేరనివ్వవచ్చు. అంకెలు, తేదీల మీద ఉన్న ఇండెక్స్‌లకూ, C కొలేషన్‌లో ఉన్నవాటికీ ఇది వర్తించదు. మీ సర్వర్ ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి ఈ కమాండ్ నడపండి. 11 ముందు వస్తే పాత వరస, 1-1 ముందు వస్తే కొత్తది.’

```
( echo "1-1"; echo "11" ) | LC_COLLATE=en_US.UTF-8 sort
```

‘అప్‌గ్రేడ్‌కు ముందు బ్యాకప్ తీయండి, అప్లికేషన్ ఆపండి. అప్‌గ్రేడ్ అయ్యాక అప్లికేషన్‌ను వెంటనే తెరవకండి. ముందు కింది రెండు కమాండ్లూ ఇదే వరసలో నడపండి. రెండోది పోస్ట్‌గ్రెస్ 15, ఆపై వెర్షన్లకే. మొదటిది పెద్ద డేటాబేస్‌లో గంటలు పట్టవచ్చు.’

```
REINDEX DATABASE taxdb;
ALTER DATABASE taxdb REFRESH COLLATION VERSION;
```

మూలంలోని మూడు మాటల్లో ఐఎస్ఓ నంబరు ఎగిరిపోయింది. కొలేషన్ మాత్రం కమాండ్‌లోనే ఉంది కాబట్టి మిగిలింది. పత్రం పొడుగు పెరిగింది. సంక్షిప్తంగా ఉండాలన్న పట్టుదలతో ఇలాంటి చోట్ల కత్తిరించడం పొరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రంగులు మారిన సంగతి, బటన్ కుడి వైపుకు జరిగిన సంగతి ఒక్కో లైనులో చెప్పి, మిగిలిన చోటంతా దీనికి ఇవ్వవచ్చు.

రాసింది సరిపోయిందా అన్నది తెలుసుకోవడానికి చదివి చూడటం చాలదు, చేసి చూడాలి. పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఒక యంత్రం, దాని మీద అసలు డేటా నకలు, ఈ పత్రం రాయని ఒక మనిషి కావాలి. ఆ మనిషి పత్రంలో ఉన్నది ఉన్నట్టు చేయాలి, లేనిది చేయకూడదు. రాసినవాడు పక్కనే కూర్చుని నోరు మెదపకూడదు. డేటా నకలు అసలుదే కావడం ఇక్కడ ముఖ్యం. పది ఇళ్లున్న చిన్న టేబుల్‌ మీద పరీక్షిస్తే పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్ జోలికే వెళ్లకుండా మొత్తం చదివేస్తుంది, అన్నీ సరిగ్గా దొరుకుతాయి, పరీక్ష నెగ్గిందని సంతోషిస్తారు.

అలా చేస్తున్నప్పుడు పత్రంలోని ఖాళీలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆ మనిషి మొదట అడిగే ప్రశ్న బహుశా రెండో సర్వర్ గురించే. పెద్ద ఆఫీసుల్లో అసలు సర్వర్‌కు ఒక జంట ఉంటుంది. దీనిలోని డిస్క్ పేజీలు ఎప్పటికప్పుడు దానికి నకలవుతుంటాయి. పని ఆగకుండా అప్‌గ్రేడ్ చేయడానికి ముందు ఆ జంటను కొత్త సిస్టమ్ మీద కట్టి, తర్వాత దాన్నే అసలుది చేయడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇక్కడ ఆ పద్ధతే ముంచుతుంది. పేజీలు పాత వరసలో పేర్చి వస్తాయి, జంట వాటిని కొత్త వరసతో చదువుతుంది. డిస్క్ పేజీలను ఉన్నవున్నట్టు తీసిన బ్యాకప్‌ను కొత్త సిస్టమ్ మీద తెరిచినా అంతే. pg_dump తో తీసి ఎక్కించినదానికి మాత్రం భయం లేదు, ఎందుకంటే ఎక్కించేటప్పుడు ఇండెక్స్‌లు కొత్తగా కడతారు. ఈ మూడు సంగతులూ పత్రంలోకి చేరాలి.

తర్వాతిది వెనక్కి వెళ్లే దారి. అప్‌గ్రేడ్ కుదరక పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వెళ్తే, కొత్త వరసలో కట్టిన ఇండెక్స్‌లు అక్కడ తప్పవుతాయి. అక్కడికి వెళ్లాక మళ్లీ REINDEX చేయాలి. వెనక్కి వెళ్లేవాళ్లు ఎప్పుడూ హడావుడిలోనే ఉంటారు కాబట్టి ఈ వాక్యం వాళ్లకు వెతుక్కునే పని లేకుండా కనిపించాలి.

మరి ఇప్పటికే అప్‌గ్రేడ్ చేసేసి, నెలల తరబడి నడుపుతున్నవాళ్ల సంగతి? వాళ్లకు ముందు జబ్బుందో లేదో తెలియాలి. దానికి పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే amcheck అనే పరికరం ఉంది:

```
CREATE EXTENSION amcheck;
SELECT bt_index_check('door_no_idx', true);
```

ఇండెక్స్ బాగుంటే ఇది ఏ ఫిర్యాదూ చేయదు. వరస చెడి ఉంటే item order invariant violated అన్న సందేశంతో ఆగిపోతుంది. పత్రంలో ఆ సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. తెర మీద చూసినదాన్ని పత్రంలో వెతుక్కునేవాళ్లకు అదే ఆనవాలు.

చెడిందని తేలాక REINDEX నడిపితే పని అయిపోవాలి. అయితే పరీక్షకు తెచ్చుకున్న నకలులో గుమాస్తా రెండోసారి చేర్చిన 1-2-4 ఉంటే కమాండ్ మధ్యలోనే ఆగుతుంది:

```
ERROR:  could not create unique index "door_no_idx"
DETAIL:  Key (door_no)=(1-2-4) is duplicated.
```

పత్రం పట్టుకున్న మనిషి తలెత్తి చూస్తాడు. దీని గురించి అందులో ఏమీ లేదు. రెండిట్లో ఒకదాన్ని తీసెయ్యాలి. మొదటి దాంట్లో పాత బకాయి ఉంది, రెండోదాంట్లో మొన్న కట్టిన డబ్బు రసీదు ఉంది. పాతదాన్ని తుడిస్తే బకాయి పోతుంది, కొత్తదాన్ని తుడిస్తే కట్టిన మనిషి కట్టనట్టు అవుతుంది. ఏది ఉంచాలో డేటాబేస్ నిర్వాహకుడు నిర్ణయించేది కాదు, పన్ను విభాగం వాళ్లు రెండు రికార్డులనూ కలిపి రాయాలి. పరిశీలకుడు పెన్ను తీసి REINDEX కమాండ్ కింద ఒక వాక్యం చేర్చాడు: ‘ఇక్కడ duplicated అని వస్తే ఏ రికార్డునూ తుడవకండి, రెండిటినీ ప్రింట్ తీసి రెవెన్యూ సెక్షన్‌కు పంపండి, వాళ్లు కలిపి ఇచ్చాకే ఈ కమాండ్ మళ్లీ నడపండి.’